మరణవార్త: కుటుంబ గ్రూపులో ఏది, విడిగా ఏది?

ఇంట్లో ఒకరు పోయిన మొదటి గంటలో ఫోన్ చేతిలోకి తీసుకున్న మనిషికి రెండు దారులు కనిపిస్తాయి. కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒక్క వాక్యం రాసి పంపితే అర నిమిషంలో అందరికీ తెలిసిపోతుంది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పడం మొదలుపెడితే తెల్లవారేదాకా అదే పని. అలసిపోయిన మనిషి మొదటి దారినే ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఆ వాక్యాన్ని ఎవరు, ఎక్కడ, ఏ స్థితిలో చదువుతారో పంపినవారి చేతిలో ఉండదు.

మా మేనత్త తెల్లవారుజామున 4:40కి కన్నుమూశారు. పక్కనే ఉన్న మా బాబాయి కొడుకు 4:55కి ఆ సంగతి 46 మంది ఉన్న గ్రూపులో పెట్టాడు. అందరికీ ఒకేసారి తెలియాలన్నదే అతని ఉద్దేశం. ఆమె చెల్లెలు, అంటే 78 ఏళ్ల మా చిన్న మేనత్త, ఒంటరిగా ఉంటారు. ఎంత పొద్దయిందో చూసుకుందామని 5:10కి ఆవిడ ఫోన్ తీస్తే, తాళం తీయకుండానే ఆ వాక్యం తెర మీద కనిపించింది. తర్వాత 20 నిమిషాల సేపు ఆవిడ ఎవరికి ఫోన్ చేసినా లైను బిజీ అనే వచ్చింది, ఎందుకంటే అప్పటికే అందరూ ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటున్నారు. అక్క పోయిందన్న మాట తెలిసి, ఆ మాట ఎవరితోనూ అనుకోలేక గడిపిన ఆ 20 నిమిషాల గురించి ఆవిడ ఇప్పటికీ చెబుతారు. పంపిన సందేశాన్ని అందరి ఫోన్లలోంచి తొలగించడానికి సుమారు రెండున్నర రోజుల గడువు ఉంటుంది కానీ, తెర మీద చదివేసినదాన్ని తొలగించే మీట ఏదీ లేదు.

అందుచేత మరణవార్త వరకు నా ఓటు ఫోన్‌కే. అలాగని 46 మందికీ ఫోన్ చేయాలని కాదు. జీవిత భాగస్వామి, పిల్లలు, తోబుట్టువులు, ఉంటే తల్లిదండ్రులు, చివరిదాకా దగ్గరుండి చూసుకున్న మనిషి: వీరి పేర్లు ఒక కాగితం మీద రాస్తే సాధారణంగా పదికి మించవు. ఇద్దరు ముగ్గురు పంచుకుంటే అరగంటలో పూర్తవుతుంది. ఒంటరిగా ఉండే పెద్దవారి విషయంలో ముందు వారికి దగ్గరలో ఉండే వారికి ఫోన్ చేసి, వారు అక్కడికి చేరాక చెప్పించడం మేలు. ప్రతి ఫోన్ చివరా ‘గ్రూపులో మేమే పెడతాం, అప్పటిదాకా మీరు పెట్టవద్దు’ అన్న మాట తప్పక చెప్పాలి. ఆ మాట మరిచిపోతే మూడో ఫోనుకల్లా ఎవరో ఒకరు సంతాపం రాసేస్తారు.

విడిగా పంపే మెసేజ్ ఈ విషయంలో గ్రూపు కంటే ఏమంత మెరుగు కాదు. అదీ తాళం వేసిన తెర మీదే కనిపిస్తుంది, అదీ ఒంటరిగానే చదవాల్సి వస్తుంది. ఎవరైనా ఫోన్ ఎత్తకపోతే వార్త రాయకుండా ‘ఎంత పొద్దయినా సరే, చూడగానే నాకు ఫోన్ చెయ్యి’ అని మాత్రమే రాయాలి. చదివినవారికి సగం అర్థమవుతుంది, నిజమే. మిగతా సగం ఒక గొంతు చెబుతుంది.

ఆ రోజు మేనత్త చిన్న కొడుకు విమానంలో ఉన్నాడు, 7:15కి దిగాలి. దిగి ఫ్లైట్ మోడ్ తీయగానే ఆగి ఉన్న సందేశాలన్నీ ఒక్కసారిగా వచ్చిపడతాయి. అతనికీ అలాగే తెలిసింది, చుట్టూ సామాను దించుకుంటున్న అపరిచితుల మధ్య. గ్రూపు సందేశాన్ని 7:40 దాకా ఆపి, దిగగానే అతని అన్న చేత ఫోన్ చేయించి ఉండవచ్చు. వెంటనే ప్రయాణం కట్టాల్సిన ఇళ్లు నాలుగే కాబట్టి వారికి ఫోన్ సరిపోయేది. ఈ ఆపడానికీ ఒక హద్దు ఉంది: గంట, రెండు గంటలు, మహా అయితే మూడు. అంతకు మించితే వార్త దానంతట అదే బయటికి పొక్కుతుంది. ఎవరి ద్వారానో విన్న దూరపు బంధువులు తమను లెక్కలోకి తీసుకోలేదని బాధపడటమూ అన్యాయమేమీ కాదు.

అంత్యక్రియల సమయం, చోటు విషయానికి వస్తే తీర్పు తిరగబడుతుంది. నాలుగు అన్న మాట ఫోన్ల మీద చేతులు మారేసరికి నాలుగున్నర అవుతుంది, వీధి పేరు మారిపోతుంది. అందరికీ ఒకే అక్షరాలు అందాలంటే గ్రూపును మించినది లేదు. ఆ సందేశంలో పోయినవారి పేరు, పోయిన సమయం, చివరి చూపు ఎక్కడ, అంత్యక్రియలు ఎప్పుడు, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ఉంటే చాలు. ఆ ఫోన్ నంబరు భర్తదో కూతురిదో కాకుండా, కాస్త దూరంగా నిలబడి మాట్లాడగలిగిన ఒక మేనల్లుడిదో అల్లుడిదో అయితే మంచిది.

సమయం మారినప్పుడు పాత సందేశాన్ని దిద్దడం పొరపాటు. దిద్దుకోవడానికి 15 నిమిషాలే గడువు. ఆ లోపు దిద్దినా, ఒకసారి చదివి ఫోన్ పక్కన పెట్టినవారికి మార్పు జరిగిందని కొత్తగా తెలియజేసేది ఏదీ రాదు. ‘సమయం మారింది’ అన్న మాటతో మొదలయ్యే కొత్త సందేశం పంపి, పాతదాన్ని తొలగించాలి. చేతులు జోడించిన బొమ్మలు నలభై వచ్చేసరికి చిరునామా ఎక్కడికో పైకి పోతుంది కాబట్టి, కొత్త సందేశాన్ని ఏడు రోజులకు పిన్ చేస్తే సరిపోతుంది. అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చే వీలుంది గానీ, దుఃఖంలో ఉన్నవారి నోరు మూయించినట్టుండే ఆ పద్ధతి నాకు రుచించదు.

సంతాపం వెనకే ‘అసలేమైంది?’ అన్న ప్రశ్న వస్తుంది. గ్రూపులో దానికి ఒకే ఒక్క వాక్యం జవాబుగా ఉండాలి, అది కూడా అత్యంత దగ్గరివారు ఒప్పుకున్న వాక్యమే అయి ఉండాలి. రెండో వాక్యం రాశామా, మూడో మనిషి ‘ఇంకో డాక్టరుకు చూపించాల్సింది’ అంటాడు, రాత్రంతా కాపలా కాసిన కోడలు అది చదువుతుంది. ఆత్మహత్య అయితే ఎలా జరిగిందన్న వివరం ఆ వాక్యంలో అసలు ఉండకూడదు. తెలియాల్సినవారు ఫోన్‌లో తెలుసుకుంటారు. మరణ ధృవీకరణ పత్రం, గుర్తింపు కార్డులు, భౌతికకాయం ఫొటో గ్రూపులో పెడితే చాలామంది ఫోన్లలో వాటంతట అవే గ్యాలరీలోకి చేరి ఉండిపోతాయి. పత్రం ఎవరికి పని ఉంటే వారికే విడిగా పంపాలి. ఖర్చు ఎవరు ఎంత పెట్టారన్నదీ అంతే. ఇచ్చినవారి మొత్తం కనబడగానే ఇవ్వలేనివారి మౌనమూ కనబడుతుంది.

ఎవరికీ తట్టని సంగతి ఒకటి ఉంది. ఆ గ్రూపులో పోయినవారి నంబరూ ఉంటుంది. 4:55 నాటి సందేశం మేనత్త ఫోన్‌కూ వెళ్లింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి సంతాపానికీ మంచం పక్కన బల్ల మీద ఆ ఫోన్ వెలుగుతూనే ఉంది, మామయ్య దాన్నే చూస్తూ కూర్చున్నారు. ఎవరో సైలెంట్‌లో పెట్టి బోర్లించడానికి గంట పట్టింది. గ్రూపులోంచి ఆ నంబరును అదే రోజు తీసేయడం మాత్రం వద్దు, ఎవరు తీసేశారో అక్కడే అందరికీ కనిపించే అవకాశం ఉంది. ఆ గ్రూపుకు మేనత్తే ఏకైక అడ్మిన్. సిమ్ వదులుకోకముందే ఆవిడ ఫోన్‌లోంచి మరొకరిని అడ్మిన్‌గా చేయాల్సి వచ్చింది. రెండో వారంలో ఆ పని పెద్ద కొడుకు చేశాడు, పక్కన చెల్లెలిని కూర్చోబెట్టుకుని.