హాల్లో టీవీ మీద పీసీ గేమ్: స్టీమ్ లింకా, మూన్‌లైటా, రిమోట్ ప్లేనా?

తిరుపతి బైరాగిపట్టెడలో మా అక్కవాళ్ల ఇల్లు. మేడ మీద గదిలో మేనల్లుడి గేమింగ్ పీసీ, కింద హాల్లో 43 అంగుళాల ఆండ్రాయిడ్ టీవీ, దాని పక్కనే రూటర్. "మామా, పీసీని కిందికి మోసుకురాకుండా టీవీలో ఆడుకోవాలి, ఏ యాప్ వేసుకోమంటావ్?" అని అడిగాడు.

యాప్ ఏదైనా లోపల జరిగే పని ఒకటే. గేమ్ నడిచేది పీసీలోనే. గ్రాఫిక్స్ కార్డు ఆ బొమ్మను అప్పటికప్పుడు వీడియోగా కుదించి రూటర్ ద్వారా టీవీకి పంపుతుంది. మనం కంట్రోలర్ మీద నొక్కిన బటన్ అదే దారిలో వెనక్కి వెళ్తుంది. ఇదంతా ఇంట్లోనే తిరుగుతుంది కాబట్టి నెట్ డేటా ఖర్చు కాదు, ఇంకా స్పీడున్న ప్లాన్‌కు మారినా ఆట బాగుపడదు.

స్టీమ్ లింక్ పెట్టుకోవడం చాలా తేలిక. టీవీలో యాప్ వేసి, పీసీలో స్టీమ్ తెరిచి, టీవీలో కనిపించిన కోడ్ కొడితే అయిపోయింది. గేములన్నీ స్టీమ్‌లోనే కొన్నవాళ్లకు ఇంతకంటే అక్కర్లేదు. వేరే చోట కొన్నవాటిని Add a Non-Steam Game ద్వారా చేర్చుకోవచ్చు గానీ, అలా చేర్చినవన్నీ ఒకేలా నడవవు.

మూన్‌లైట్‌కు కాస్త ఓపిక కావాలి. టీవీలో మూన్‌లైట్, పీసీలో సన్‌షైన్ అని రెండు వేయాలి, రెండూ ఉచితమే. పీసీ బ్రౌజర్లో https://localhost:47990 తెరిచి, టీవీ చూపించే నాలుగంకెల పిన్ కొడితే జత కుదురుతుంది. పాత వీడియోల్లో సన్‌షైన్ బదులు ఎన్‌విడియా గేమ్‌స్ట్రీమ్ ఆన్ చేయమని చెబుతుంటారు. ఆ కంపెనీ దాన్ని 2023లో ఆపేసింది, ఆ దారి పట్టకండి.

మా వాడికి నేను చెప్పింది మూన్‌లైటే. కారణం బొమ్మ నాణ్యత కాదు, అందులో రెండింటికీ పెద్ద తేడా కనిపించలేదు. సెట్టింగ్స్‌లో గణాంకాలు ఆన్ చేస్తే ఆట నడుస్తుండగానే తెర మీద అంకెలు వస్తాయి, తప్పు ఎక్కడుందో వాటిలో తెలిసిపోతుంది. స్టీమ్ లింక్‌లోనూ ఇలాంటివి ఉన్నాయి గానీ, నాకు వీటిని చదవడమే సులువు.

మొదట పీసీ, టీవీ రెండూ వైఫై మీదే. బొమ్మ బాగానే వచ్చి ఉన్నట్టుండి బిగుసుకుపోయేది, మళ్లీ ఒక్కసారిగా ముందుకు దూకేది. అంకెలు చూస్తే కుదించిన వీడియోను టీవీ విప్పే సమయం, అంటే డీకోడ్ సమయం, నిలకడగా ఉంది, నెట్‌వర్క్ ఆలస్యం మాత్రం ఎగిరెగిరి పడుతోంది. అంటే తప్పు టీవీది కాదు, దారిది. పీసీ నుంచి రూటర్‌కు ఒకసారి, రూటర్ నుంచి టీవీకి ఇంకోసారి, ఒకే గాలిలో అదే వీడియో రెండుసార్లు వెళ్తోంది. మధ్యలో కాంక్రీట్ స్లాబ్ ఒకటి. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఆ స్లాబ్ దాటేసరికే నీరసించిపోతుంది. పైగా పీసీ 2.4 మీద వేలాడుతోంది, చుట్టుపక్కల ఇళ్ల రూటర్లన్నీ అక్కడే ఉన్నాయి.

మెట్ల పక్క నుంచి ల్యాన్ కేబుల్ లాగి పీసీని రూటర్‌కు కలిపాం. టీవీని పక్కనే ఉన్న రూటర్‌కు 5 గిగాహెర్ట్జ్ మీద పెట్టాం. 1080p, 60 ఫ్రేములు, 20 ఎంబీపీఎస్ పెడితే ఆ బిగుసుకుపోవడం పోయింది. అయినా క్రికెట్ గేమ్‌లో బంతి దాటిపోయాక గానీ బ్యాట్ కదలడం లేదు. అది టీవీ పిక్చర్ మోడ్ పని. బొమ్మను నునుపు చేయడానికి టీవీ ప్రతి ఫ్రేమునూ కాసేపు దగ్గర పెట్టుకుంటుంది, ఆ ఆలస్యం మూన్‌లైట్ అంకెల్లో కనిపించదు. గేమ్ మోడ్ పెట్టాక టైమింగ్ కుదిరింది. ఒకవేళ డీకోడ్ సమయమే 16 మిల్లీసెకన్లు దాటుతుంటే టీవీ చిప్‌కు అంత శక్తి లేకపోవచ్చు. 60 ఫ్రేముల్లో ఒక్కో ఫ్రేముకు దక్కేదే అంత. అప్పుడు 720pకి దిగడమే.

ఇక పీఎస్5 రిమోట్ ప్లే. పీసీ గేములకు ఇది పనికిరాదు, కన్సోల్ ఉన్నవాళ్ల సంగతి. అదే ఇంట్లో హాల్లో టీవీకైతే నేను వద్దంటాను. హెచ్‌డీఎంఐ కేబుల్ పీకి కన్సోల్‌నే హాల్లోకి తెస్తే, టీవీ 4Kది అయితే 4K వస్తుంది, రిమోట్ ప్లేలో గరిష్ఠం 1080p. కన్సోల్ చిత్తూరు ఇంట్లో ఉండి, మీరు తిరుపతిలో ఉంటే మాత్రం దీనికి విలువ ఉంది. అప్పుడు నెట్ స్పీడు కావాలి: సోనీ చెప్పే కనీసం 5 ఎంబీపీఎస్, మేలు 15. చిత్తూరులో చూసుకోవాల్సింది డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్. కన్సోల్‌లో Enable Remote Play ఆన్ చేసి, రెస్ట్ మోడ్ సెట్టింగ్స్‌లో Stay Connected to the Internet, Enable Turning On PS5 from Network కూడా ఆన్ చేసి, రెస్ట్ మోడ్‌లో వదిలి రావాలి. అక్కడ కరెంటు పోయి వచ్చిందంటే, ఇంట్లో ఎవరికైనా ఫోన్ చేసి బటన్ నొక్కించుకోవాల్సిందే.