వారం వారం హైరింగ్ రిపోర్ట్: రెండేళ్లకు పైగా వాడాక నా అభిప్రాయం

మాదాపూర్‌లో ఒక మధ్యరకం సాఫ్ట్‌వేర్ కంపెనీలో హెచ్‌ఆర్ టీమ్‌లో చేస్తున్నాను. శుక్రవారం సాయంత్రం డేటా తీసి, సోమవారం పొద్దున మీటింగ్‌కి ముందు మేనేజర్లందరికీ పంపే పైప్‌లైన్ రిపోర్ట్ గురించి ఇది. చాలా కంపెనీల్లో ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఎడమ పక్కన ఓపెన్ పొజిషన్లు, పైన స్క్రీనింగ్, ఎల్1, ఎల్2 అనే రెండు టెక్నికల్ ఇంటర్వ్యూలు, హెచ్‌ఆర్ రౌండ్, ఆఫర్, జాయినింగ్ అని దశలు, ఒక్కో గడిలో ఎంతమంది క్యాండిడేట్లు ఉన్నారో ఒక అంకె. కింద పెద్ద అక్షరాల్లో టైమ్ టు హైర్, అంటే సగటున ఒకరిని తీసుకోవడానికి ఎన్ని రోజులు పట్టిందో. మొదట్లో ఉన్న రూపానికి ఐదుకి రెండు ఇస్తాను, ఇప్పుడున్న దానికి నాలుగు. షీట్ అదే, మధ్యలో మేం మార్చినవి పెద్దవేం కావు.

ముందు ఆ గడుల్లో అంకెల సంగతి. ఒక జావా బ్యాకెండ్ పొజిషన్‌కి ఎల్2 గడిలో వరసగా మూడు వారాలు 14 అని కనిపించింది. మీటింగ్‌లో అందరూ 'పైప్‌లైన్ నిండుగానే ఉంది కదా' అని తర్వాతి లైన్‌కి వెళ్లిపోయేవాళ్లు. అవే 14 మందా, లేక పాతవాళ్లు ముందుకెళ్లి కొత్తవాళ్లు వచ్చారా అన్నది ఆ అంకె చూస్తే తెలిసే వీలే లేదు. బస్సు కిక్కిరిసి ఉందంటే కదులుతోందని కాదు, మెహిదీపట్నంలో సాయంత్రం పూట నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది.

చివరికి పేర్లు తెరిచి ఒక్కొక్కరినీ చూస్తే అయిదుగురికి ఇంటర్వ్యూనే పెట్టలేదు, ప్యానెల్ టైమ్ ఇవ్వలేదు. ఆరుగురికి ఇంటర్వ్యూ అయిపోయింది కానీ ఫీడ్‌బ్యాక్ ఎవరూ రాయలేదు. ఇద్దరు వేరే ఆఫర్ తీసుకున్నామని ఫోన్‌లో చెప్పేశారు, వాళ్లని లిస్టులోంచి ఎవరూ తీయలేదు. మిగిలిన ఒక్కరికే ఆ వారం ఇంటర్వ్యూ ఖాయమై ఉంది. అంటే 14 అని రాసిన చోట నిజంగా కదులుతున్నది ఒక్కరు.

అందుకే ఎల్2 ని రెండుగా విడగొట్టాం: 'ఇంటర్వ్యూ పెట్టాలి', 'ఫీడ్‌బ్యాక్ రావాలి'. దాని పక్కన ఈ దశలో ఎన్ని రోజులుగా ఉన్నారో చెప్పే కాలమ్ ఒకటి, ఏడు రోజులు దాటితే ఎర్ర రంగు. F లో ఆ దశలోకి వచ్చిన తేదీ, G లో దాటిన తేదీ పెట్టి ఈ ఫార్ములా వాడుతున్నాం:

```
=IF(G2="",TODAY()-F2,G2-F2)
```

ఇందులో ఒక తిరకాసు ఉంది. `TODAY()` ఎప్పుడు తెరిస్తే అప్పటి తేదీ తీసుకుంటుంది. నెల క్రితం రిపోర్ట్‌ని ఇవాళ తెరిస్తే అప్పుడు నాలుగు రోజులుగా ఉన్నవాళ్లు ముప్పై నాలుగు రోజులుగా ఉన్నట్టు చూపిస్తుంది. అందుకని పంపే ముందు ఆ కాలమ్‌ని కాపీ చేసి వాల్యూస్‌గా పేస్ట్ చేయాలి, లేకపోతే పాత వారాలతో పోల్చి చూసుకోవడమే కుదరదు.

ఈ ఒక్క కాలమ్‌తో మీటింగ్ తీరు మారిపోయింది. అంతకుముందు ప్రతి ప్రశ్నా రిక్రూటర్ మీదకే వచ్చేది, 'ఇంకా ప్రొఫైల్స్ పంపండి' అని. ఇప్పుడు 'ఫీడ్‌బ్యాక్ రావాలి' కింద ఆరు ఎర్ర గడులు కనబడుతుంటే ప్యానెల్ వాళ్లే ముందు మాట్లాడుతున్నారు. (కొందరు మీటింగ్‌కి పది నిమిషాల ముందు ఆదరాబాదరాగా ఫీడ్‌బ్యాక్ రాస్తారు, అయినా రాస్తున్నారు, అది చాలు.)

అయితే ఈ రోజుల లెక్క నిజం కావాలంటే తేదీలు నిజం కావాలి. సిస్టమ్ ఏం చేస్తుందంటే, రిక్రూటర్ క్యాండిడేట్‌ని పక్క దశకి జరిపిన రోజునే ఆ దశ మొదలైన తేదీగా వేసేస్తుంది. వారమంతా ఫోన్లలో ఉండి శుక్రవారం మధ్యాహ్నం అందరినీ ఒకేసారి జరిపితే మంగళవారం జరిగిన ఇంటర్వ్యూ కూడా శుక్రవారం ఖాతాలో పడుతుంది. దీన్ని పట్టుకోవడం తేలికే. తేదీల కాలమ్‌లో ఫిల్టర్ పెట్టి చూడండి, వరసగా శుక్రవారాలే కనిపిస్తే ఆ షీట్‌లో రోజుల లెక్క నమ్మకండి. మేం ఇంటర్వ్యూ తేదీని క్యాలెండర్ ఇన్వైట్ నుంచి తీసుకోవడం మొదలుపెట్టాక కొంత నయం.

ఇక కింద ఉండే ఆ పెద్ద అంకె, నన్ను అన్నిటికన్నా విసిగించింది అదే. ఒక నెలలో అయిదుగురు ఆఫర్ ఒప్పుకున్నారనుకోండి, ఒక్కొక్కరికి పట్టిన రోజులు 18, 21, 24, 26, 91. సగటు 36. కానీ అయిదుగురిలో నలుగురికి నెల కూడా పట్టలేదు, 36 రోజులు పట్టినవాళ్లు అసలు ఎవరూ లేరు. మధ్యలో ఉన్న అంకె, అంటే మీడియన్, 24. పరిస్థితికి ఇదే దగ్గరగా ఉంది. విడ్డూరం ఏమిటంటే, ఆ 91 రోజుల పొజిషన్ క్లోజ్ కాకుండా ఉన్నంతకాలం అది లెక్కలోకే రాలేదు, ఎందుకంటే టైమ్ టు హైర్ అయిపోయిన హైర్లని మాత్రమే లెక్కపెడుతుంది. కిందామీదా పడి దాన్ని క్లోజ్ చేసిన వారమే మా అంకె పాడైపోయి, 'ఏంటి, ఇంత స్లో అయ్యారు?' అనిపించుకున్నాం. ఇప్పుడు మీడియన్ రాసి, పక్కనే ఇంకా క్లోజ్ కాని పొజిషన్లు ఎన్ని రోజులుగా తెరిచి ఉన్నాయో విడిగా పెడుతున్నాం. రెండూ కలిపి చూస్తేనే అర్థం అవుతుంది.

ఈ రోజులు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో కూడా షీట్ మీదే రాయాలి. మా లెక్కలో క్యాండిడేట్ ప్రొఫైల్ మా చేతికి వచ్చిన రోజు మొదలు, ఆఫర్ ఒప్పుకున్న రోజు ఆఖరు. పొజిషన్‌కి అప్రూవల్ వచ్చిన రోజు నుంచి లెక్కపెడితే అది టైమ్ టు ఫిల్, వేరే సంగతి. ప్రాజెక్ట్ మేనేజర్‌కి ఈ గొడవ అక్కర్లేదు, అతనికి 24 రోజులు అంటే 24 రోజుల్లో మనిషి సీట్లో కూర్చోవాలి. ఇక్కడేమో చాలామందికి రెండు మూడు నెలల నోటీస్ పీరియడ్. 24 రోజుల్లో ఆఫర్ ఒప్పుకుని, 90 రోజుల నోటీస్ పూర్తి చేసి జాయిన్ అయ్యేసరికి దాదాపు నాలుగు నెలలు. అందుకే జాయినింగ్ వరకు పట్టిన రోజులు రెండో కాలమ్‌గా పెట్టాం.

నోటీస్‌లో ఉన్నవాళ్లని హైర్ అయినట్టు చూపించడం కూడా మానేశాం. ఆ రెండు మూడు నెలల్లో చేతిలో మన ఆఫర్ పెట్టుకుని ఇంకో రెండు చోట్ల ఇంటర్వ్యూలిచ్చేవాళ్లు తక్కువేం కాదు, వాళ్లని తప్పుపట్టడానికీ లేదు. వాళ్ల పేరు పక్కన ఆఖరుసారి మాట్లాడిన తేదీ రాస్తాం. రెండు వారాలు దాటిందంటే ఎవరో ఒకరు ఫోన్ చేయాల్సిందే. ఫోన్ ఎత్తడం మానేసినవాళ్ల పొజిషన్‌కి మళ్లీ స్క్రీనింగ్ మొదలుపెడతాం, జాయినింగ్ రోజు దాకా ఆగం.

నాలుగే ఎందుకు, ఐదు ఎందుకు కాదు అంటే, ఏ దశ నుంచి ఏ దశకి ఎంత శాతం దాటారన్న కాలమ్ ఇంకా కుదరలేదు. ఈ వారం ఆఫర్లని ఈ వారం స్క్రీనింగ్‌లతో భాగిస్తే వచ్చే శాతానికి అర్థం లేదు, ఈ వారం ఆఫర్ అందుకున్నవాళ్లు ఎప్పుడో మూడు వారాల క్రితం స్క్రీన్ అయినవాళ్లు. ఒకే నెలలో స్క్రీన్ అయినవాళ్లని ఒక గుంపుగా పట్టుకుని చివరిదాకా చూడాలి, అది వారం వారం పంపే షీట్‌లో ఇమడదు. నెలకోసారి విడిగా చేద్దామని అనుకుంటున్నాం, ఇంకా మొదలవలేదు.