ఇన్‌స్టంట్ అని చెప్పి యాక్టివ్ డ్రై ఈస్ట్ ఇచ్చారు, నెల్లూరులో విడిగా కొనేవాళ్లు చూసుకోండి

మా పెద్దోడి పుట్టినరోజుకి తీపి బన్నులు చేద్దామని బేకరీ సామాన్ల కొట్టుకి పోయి ఈస్ట్ తెచ్చుకున్నా. పేరు రాయను, ఇక్కడ బేకింగ్ చేసేవాళ్లలో సగం మంది అక్కడే కొంటారు, మీకే అర్థమవుతుంది. పెద్ద ప్యాకెట్ విప్పి చిన్న కవర్లలో కట్టి, పైన ఇన్‌స్టంట్ అని స్టిక్కర్ వేసి అమ్ముతున్నారు. ఇన్‌స్టంటేనా అని అడిగితే "అవునక్కా, నానబెట్టే పని లేదు, నేరుగా పిండిలో కలిపేయండి" అన్నాడు కౌంటర్‌లో అబ్బాయి. నమ్మాను.

అర కిలో మైదా, 100 గ్రాముల పంచదార, 60 గ్రాముల వెన్న, 240 మిల్లీలీటర్ల పాలు, 5 గ్రాముల ఈస్ట్. ఎప్పుడూ చేసే కొలతే, గంటన్నరకి గిన్నె అంచు దాకా పొంగుతుంది. ఈసారి మూడు గంటలైనా పెట్టిన ముద్ద పెట్టినట్టే ఉంది. కొంచెం తుంచి వేళ్లతో పల్చగా సాగదీసి వెలుతురుకి పట్టి చూస్తే లోపల గోధుమరంగు చుక్కలు, ఈస్ట్ గింజలు కరగకుండా అలాగే ఉన్నాయి. ఇన్‌స్టంట్ అయితే పిసికేటప్పుడే కలిసిపోయి కంటికి కనపడదు. పిల్లలేమో బన్నులేవి అని చుట్టూ తిరుగుతున్నారు.

ఆ కవరు పట్టుకుని కొట్టుకి పోయా. ఇది ఇన్‌స్టంట్ కాదండీ అంటే ఓనరు తలెత్తి కూడా చూడలేదు. "రెండూ ఈస్టే కదమ్మా, ఏదైతే ఏంది? పిండి కలపడం రాక సరుకు మీద పెడతారు" అన్నాడు, నలుగురు కస్టమర్ల ముందు. డబ్బులు పోతే పోయాయి, పన్నెండేళ్లుగా చేస్తున్న పనిని అంత మాటనేసరికి నోట మాట రాలేదు. ఇంటికొచ్చినా ఆ మాటే చెవుల్లో తిరుగుతోంది.

ఈస్ట్ చచ్చిపోయిందేమో చూద్దామని మిగిలినదాంట్లో ఒక చెంచా తీసి, చిటికెడు పంచదార వేసిన గోరువెచ్చటి నీళ్లలో వేశా. పది నిమిషాల్లో పైన మందంగా నురగ కట్టింది. అంటే బతికే ఉంది, స్టిక్కరే అబద్ధం. యాక్టివ్ డ్రై గింజ మీద ఆరబెట్టేటప్పుడు చచ్చిన ఈస్ట్ పొరలా ఉంటుంది, అది నీళ్లలో నానితే గానీ లోపలిది లేవదు. నీళ్లెక్కువున్న పిండిలో అయితే నిదానంగానైనా నానేదేమో, తీపి పిండిలో ఉన్న తడిని పంచదారే లాగేసుకుంటుంది, పైగా నేను పోసింది చల్లటి పాలు. గింజకి తడి దక్కలేదు.

నా తప్పూ ఉంది. పోసేటప్పుడే గింజలు గసగసాలంత లావుగా, గుండ్రంగా కనిపించాయి, ఇన్‌స్టంట్ ఇంకా సన్నగా రవ్వలా ఉంటుంది కదా అనిపించింది, అయినా తొందరలో కలిపేశా. కోపంలో ఆ ముద్దనీ పారేశా. పారేయకుండా కాసింత ఈస్ట్ గోరువెచ్చటి నీళ్లలో లేపి అందులో వేసి మళ్లీ పిసికి ఉంటే సరిపోయేది, బోలెడు సరుకు మిగిలేది.

మర్నాడు అదే ఈస్ట్‌తో మళ్లీ చేశా. 5 గ్రాముల ఇన్‌స్టంట్‌కి బదులు యాక్టివ్ డ్రై పావు వంతు ఎక్కువ కావాలి, ఆరుంపావు వస్తుంది, నేను 6.5 వేశా. 60 మిల్లీలీటర్ల నీళ్లు ముంజేతి మీద పోసుకుంటే హాయిగా వెచ్చగా తగిలేంత, అంటే 40 డిగ్రీల దగ్గర, వేడి చేసి చిటికెడు పంచదార, ఈస్ట్ వేసి పది నిమిషాలు వదిలేశా. ఆ నీళ్లు లెక్కలో తీసేసి పాలు 180 మాత్రమే పోశా, అవీ గోరువెచ్చగానే, లేకపోతే పిండి జారుగా అయిపోతుంది. 100 గ్రాముల పంచదారా ఆ నీళ్లలోనే వేసేయకండి, అంత తీపిలో ఈస్ట్ లేవదు, మిగతాది పిండిలోకే పోవాలి. నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఈస్ట్ చస్తుంది. ఈసారి రెండు గంటలకి రెట్టింపు పొంగింది. ఇంత పంచదారకి ఆ మాత్రం ఆలస్యం మామూలే, తీపి పిండికోసం విడిగా వచ్చే ఇన్‌స్టంట్ రకం దొరికితే ఇంకా త్వరగా అవుతుంది.

మీ కొలత యాక్టివ్ డ్రైకి రాసి ఉండి చేతిలో ఇన్‌స్టంట్ ఉంటే ముప్పావు వంతు చాలు, 8 గ్రాములకి 6, నేరుగా పిండిలో కలపొచ్చు.

కవర్లలో కట్టింది కొనకండి. సీల్ ఉన్న ప్యాకెట్టే తీసుకోండి, రకం పేరూ తేదీ దాని మీదే ఉంటాయి. ఇప్పటికే కొనేసి ఉంటే చిటికెడు పంచదార వేసిన గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, నురగ కట్టాకే పిండిలో వేయండి, స్టిక్కర్ మీద ఏమున్నా సరే.