గ్యాస్‌కి ఆసనాలు, పొట్ట మర్దన: నాలుగేళ్లు చేశాక నాకు తెలిసింది

నాలుగేళ్ల కిందట ఒక రాత్రి ఎడమ పక్కటెముకల కింద గట్టిగా పట్టేసింది. నొప్పి ఛాతీ దాకా పాకింది, చెమటలు కూడా పట్టాయి. గుండెనొప్పేమో అన్న భయంతో ఆసుపత్రికి వెళ్లాం. ఈసీజీ తీశారు, రక్తపరీక్ష చేశారు, కొన్ని గంటలు ఉంచుకుని రెండూ మళ్లీ చేశారు. గుండెకు ఏమీ లేదన్నారు. అప్పుడు డ్యూటీలో ఉన్న డాక్టరు నా ఎడమ డొక్క మీద ఒక వేలు ఆనించి, దాని మీద ఇంకో వేలితో తట్టి చూశారు. డప్పు మీద తట్టినట్టు బోలుగా మోగింది. కుడివైపు తడితే అంత శబ్దం లేదు. "గ్యాస్ అక్కడ ఇరుక్కుందమ్మా" అన్నారు.

ఆయన చెప్పిన ఒక్క విషయం నాకు తర్వాత అన్నిటికీ పనికొచ్చింది, అందుకే ముందు అదే రాస్తున్నాను. పెద్దపేగు పొట్టలో కుడివైపు అడుగున మొదలవుతుంది, పైకి ఎక్కి కుడి పక్కటెముకల దగ్గర మలుపు తిరుగుతుంది, అడ్డంగా ఎడమ పక్కకు వచ్చి, ఎడమ పక్కటెముకల కింద ఇంకో మలుపు తిరిగి, కిందికి దిగి మలద్వారానికి చేరుతుంది. ఎడమవైపు మలుపు అన్నిటికన్నా ఎత్తులో ఉంటుంది, వంపు కూడా ఎక్కువ. గాలి పైకి చేరేదే కాబట్టి కూర్చున్నా నిలబడ్డా అక్కడే నిలిచిపోవడానికి వీలుంటుంది. నేను చేసే ఉద్యోగం లెక్కల పని, పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం దాకా కుర్చీలో ముందుకు వంగి కూర్చోవడమే.

ఇంటికొచ్చాక గ్యాస్‌కి ఆసనం అంటే అందరూ చెప్పేది పవనముక్తాసనమే కదా అని మొదలుపెట్టాను. కానీ చేసింది తప్పు సమయంలో. రాత్రి భోజనం అవ్వగానే ఉబ్బరంగా ఉంటుంది కాబట్టి అప్పుడే పడుకుని రెండు మోకాళ్లూ పొట్టకు అదిమి పట్టేదాన్ని. రెండు నెలలు అలాగే చేశాను. ఉబ్బరం తగ్గకపోగా పుల్లటి తేన్పులు, గొంతులో మంట మొదలయ్యాయి. తెల్లారేసరికి నోరు చేదుగా ఉండేది. మా వీధిలో యోగా నేర్పే మేడంగారికి చెబితే ఆవిడ అడిగిన మొదటి మాట "ఎప్పుడు తిన్నారు, ఎప్పుడు చేశారు?" అని. తిన్న వెంటనే జీర్ణాశయం నిండి ఉంటుంది, ఆ సమయంలో వెల్లకిలా పడుకుని తొడలతో నొక్కితే లోపలున్నది పైకి ఎగదన్నుతుంది. గాలి ఇరుక్కున్న చోటు పెద్దపేగు అయితే నేను నొక్కుతున్నది నిండు జీర్ణాశయాన్ని. మంట రాక ఏమవుతుంది?

ఆవిడ చెప్పిన లెక్క ఇది. కడుపు నిండా తింటే మూడు నాలుగు గంటలు ఆగాలి, ఇడ్లీలాంటి తేలిక టిఫిన్ అయితే రెండు గంటలు చాలు. అన్నిటికన్నా మంచిది పొద్దున లేవగానే, దొడ్డికి వెళ్లకముందు. నేను లేచి గోరువెచ్చని నీళ్లు ఒక గ్లాసు తాగి పది నిమిషాలు ఇంట్లోనే తిరిగి అప్పుడు చాప వేస్తాను.

ముందు కుడికాలు. వెల్లకిలా పడుకుని కుడి మోకాలు మడిచి, రెండు చేతులతో మోకాలి కింద పట్టుకుని, ఊపిరి వదులుతూ తొడను పొట్టకు దగ్గరగా తేవాలి. అక్కడ ఐదారు శ్వాసలు మామూలుగా తీసుకోవాలి. ఊపిరి బిగపడితే పొట్ట రాయిలా గట్టిపడి తొడ ఒత్తిడి లోపలికి చేరదు, చాలామంది చేసే పొరపాటు ఇదే. తర్వాత ఎడమకాలు, ఆ తర్వాత రెండూ కలిపి. కుడి ముందు ఎందుకంటే పేగు దారి అటు నుంచే మొదలవుతుంది కాబట్టి అని నేర్పేవాళ్లు చెబుతారు. నేను వరుస మార్చి కూడా చూశాను, నాకు పెద్ద తేడా కనిపించలేదు, అయినా అలవాటైంది కాబట్టి కుడితోనే మొదలుపెడతాను. తల ఎత్తి ముక్కు మోకాలికి ఆనించమంటారు. మెడనొప్పి ఉన్నవాళ్లు ఆ పని చెయ్యకండి, గ్యాస్ పోవడానికి తల ఎత్తాల్సిన అవసరమే లేదు.

నాకు నిజంగా పనిచేసింది మాత్రం దాని తర్వాత చేసేది. మోకాళ్ల మీద వంగి, ఛాతీని చాపకు ఆనించి, చెంప ఒక పక్కకు పెట్టి, పిరుదులు పైకి ఎత్తి ఉంచడం. ఇప్పుడు మలద్వారం వైపు ఎత్తులో, ఛాతీ పల్లంలో ఉంటాయి కాబట్టి, గాలి పైకి చేరేదైతే ఇప్పుడు పైన ఉన్నది బయటికి దారే. రెండు మూడు నిమిషాలు పొట్ట వదులుగా వేలాడనిచ్చి ఉంటే గుడగుడమని లోపల కదలడం చెవికి వినిపిస్తుంది. చాలాసార్లు నాకు అక్కడే పోతుంది, లేకపోతే లేచి గొంతుక్కూర్చోగానే పోతుంది. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లు, కంట్లో నీటికాసుల జబ్బు ఉన్నవాళ్లు తల కిందికి వంచే ఈ భంగిమ జోలికి వెళ్లొద్దు. వాళ్లు వెల్లకిలా పడుకుని రెండు మోకాళ్లూ కలిపి మెల్లగా ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు వాల్చడం చేసుకోవచ్చు. మా అమ్మకి బీపీ, ఆవిడ మంచం మీద ఇదే చేస్తుంది.

భుజంగాసనం, శలభాసనం, ధనురాసనం గ్యాస్‌కి మంచివని చెబుతారు. ఖాళీ కడుపుతో చేస్తే నడుముకి బాగుంది గానీ ఇరుక్కున్న గాలికి నాకు ప్రత్యేకంగా సాయపడలేదు. తిన్నాక మాత్రం ఈ మూడూ వద్దు, ఒంటి బరువంతా పొట్ట మీదే పడుతుంది. ముందుకు వంగే పశ్చిమోత్తానాసనం, కాళ్లు పైకెత్తే సర్వాంగాసనం, హలాసనం, కూర్చుని నడుము తిప్పే ఆసనాలు, కపాలభాతి, ఇవి కూడా ఖాళీ కడుపుతోనే.

తిన్నాక చెయ్యదగ్గ ఆసనం అంటే వజ్రాసనం ఒక్కటే చెబుతారు. నేను రోజూ రాత్రి భోజనం తర్వాత ఐదు నుంచి పది నిమిషాలు కూర్చుంటాను. ఉన్నమాట చెప్పాలంటే అది గ్యాస్‌ని బయటికి పంపడం నేను చూడలేదు. అది చేసే మేలు ఏమిటంటే వెన్ను నిటారుగా ఉంటుంది, పొట్ట నలగదు, సోఫాలో కూలబడం. దానికన్నా పావుగంట మెల్లగా నడిస్తే నాకు తేడా బాగా తెలిసింది. 2003లో బార్సిలోనా పరిశోధకులు కొందరి పేగులోకి గాలి పంపి, అది బయటికి ఎంత తొందరగా పోతుందో కొలిచారు. పడుకున్నప్పటికన్నా ఒళ్లు నిటారుగా ఉన్నప్పుడే తొందరగా పోయింది. తిన్నాక పడుకోవద్దని పెద్దవాళ్లు అనేదానికీ ఇది సరిపోతుంది. వజ్రాసనంలో పాదం తిమ్మిరెక్కితే ఓర్చుకుని కూర్చోకండి, వెంటనే కాళ్లు చాపండి. మోకాలి పక్కన ఉండే నరం ఎక్కువసేపు నలిగితే పాదం పైకి ఎత్తలేని స్థితి కూడా వస్తుంది. మోకాళ్లు అరిగినవాళ్లకు నడకే నయం.

ఇక మర్దన. ఇది నాకు నేర్పింది మా అత్తయ్య. ఇంట్లో పసిపిల్లలందరికీ ఆవిడే నూనె రాసేది. "గడియారం తిరిగినట్టే తిప్పాలమ్మా, ఎదురు తిప్పకూడదు" అనేది. కారణం చెప్పేది కాదు గానీ డాక్టరు చెప్పిన పేగు దారి చూస్తే సరిగ్గా అదే. మోకాళ్ల కింద దిండు పెట్టుకుని పడుకుంటే పొట్ట కండరాలు వదులవుతాయి. చేతులు వెచ్చగా ఉండాలి, నూనె నాలుగు చుక్కలు చాలు, చెయ్యి జారడానికే అది. మొదట ఎడమ పక్కటెముకల కింద నుంచి ఎడమ గజ్జ దాకా కిందికి పదిసార్లు. తర్వాత కుడి పక్కటెముకల దగ్గర మొదలుపెట్టి బొడ్డు పైనుంచి అడ్డంగా ఎడమకు వచ్చి కిందికి పదిసార్లు. చివరికి కుడి గజ్జ దగ్గర మొదలుపెట్టి పైకి, అడ్డంగా, కిందికి, మొత్తం దారి పదిసార్లు. ముందు ఎడమవైపు చెయ్యడం ఎందుకంటే బయటికి పోయే చివరి దారి ఖాళీ అయితే వెనకది ముందుకు జరుగుతుంది. ఎంత నొక్కాలంటే, మామిడిపండు మగ్గిందో లేదో చూడటానికి వేలితో ఒత్తుతాం చూడండి, అంతే. నొప్పి పుట్టేలా నొక్కితే పొట్ట బిగుసుకుంటుంది, ఆ రోజుకి ఇక పని జరగదు. దీనికి కూడా తిన్నాక రెండు గంటలు ఆగాలి.

మొన్న సంక్రాంతికి జరిగింది చెబుతాను. రాత్రి తొమ్మిదిన్నరకి పులిహోర, రెండు బొబ్బట్లు, గారెలు తిన్నాను. పదింటికే ఎడమ డొక్క బిగిసింది. ఇదివరకైతే వెంటనే పడుకుని మోకాళ్లు అదిమేదాన్ని. ఈసారి నడుము దగ్గర చీర వదులు చేసుకుని డాబా మీద ఇరవై నిమిషాలు నడిచాను, తేన్పులు వచ్చి పైభాగం తేలికైంది. డొక్కలో మాత్రం అలాగే ఉంది. కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుని, మధ్యలో లేచి రెండుసార్లు తిరిగాను. పన్నెండు దాటాక మర్దన మొదలుపెట్టి రెండో విడతలో ఉండగా చేతి కింద గుడగుడ ఎడమ నుంచి కిందికి జారడం తెలిసింది. ఇంకో పావుగంటలో గాలి పోయింది, వేలితో తట్టి చూస్తే ఆ బోలు శబ్దం తగ్గింది. తిన్నదగ్గర్నుంచి లెక్కేస్తే మూడు గంటలు. వెంటనే పోగొట్టే ఆసనం ఏదీ నాకు దొరకలేదు.

కొన్ని సందర్భాల్లో మాత్రం పొట్ట మీద చెయ్యి వెయ్యకండి. బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు అడుగుకి జరిగి అక్కడే నిలిచిపోతే అది అపెండిక్స్ కావచ్చు. పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, గాలీ విరేచనమూ రెండూ పూర్తిగా ఆగిపోతే పేగు మూసుకుపోయి ఉండవచ్చు. జ్వరం ఉన్నా, మలంలో రక్తం కనిపించినా, గర్భిణులైనా, హెర్నియా ఉన్నా, ఆపరేషనై కొన్ని నెలలే అయినా డాక్టరుని అడగకుండా మర్దన వద్దు. ఛాతీలో బరువు, చెమట, ఎడమచేతికి లాగడం ఉంటే గ్యాసే అని ఇంట్లో కూర్చోకండి. నాది గ్యాసే అని ఈసీజీ, రక్తపరీక్ష చూశాకే తేలింది, ఇప్పుడు అలా వచ్చినా మళ్లీ ఆసుపత్రికే వెళ్తాను.

ఇంకొక్కటి, ఇవన్నీ ఉన్న గాలిని కదిలిస్తాయి గానీ కొత్తది పుట్టకుండా ఆపవు. మూడేళ్లు చేస్తున్నా నాకు వారానికి నాలుగు రోజులు ఉబ్బరం ఉండేది. పోయిన ఏడాది రాత్రి తాగే గ్లాసు పాలు రెండు వారాలు మానేసి చూశాను, నాలుగు రోజులు ఒక రోజైంది. మళ్లీ తాగి చూశాను, మళ్లీ వచ్చింది. పెరుగు, మజ్జిగ మాత్రం పడుతున్నాయి. ఇప్పుడు పాలు లేవు. పొద్దున చాప, రాత్రి నడక అలాగే ఉన్నాయి. నూనె సీసా మాత్రం నెలకి రెండుసార్లు తీస్తే ఎక్కువ.