సగం కార్డుల కోసమే ఈ ఆట: ఎమోజీ సామెతల సెట్టు చాలాకాలం ఆడాక

ఎమోజీలు చూపించి సామెత చెప్పించే ఆటలు ఇప్పుడు చాలా వచ్చాయి. రెండు జట్లు, నిమిషం టైమర్, చెబితే 10 మార్కులు. ఇదంతా అందరికీ తెలిసిందే. మేం పండగలకీ పెళ్ళిళ్ళకీ బయటికి తీసే ఈ సెట్టులో నాకు బాగా నచ్చింది ఒక్కటే, సగం కార్డులు.

మామూలు కార్డులో, అంటే మేం మొత్తం కార్డు అనేదాంట్లో, సామెత అంతా బొమ్మల్లో ఉంటుంది. ⛰️⛏️🐀 చూస్తే చిన్నపిల్లలు కూడా కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అని చెప్పేస్తారు. ✋🔥🍃 అంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. సగం కార్డులో మాత్రం సామెత ముందు ముక్కకే బొమ్మలుంటాయి. ఆ ముక్క గుర్తుపడితే 5, వెనక ముక్క బొమ్మ లేకుండా నోటితో పూర్తి చేస్తే ఇంకో 10. వెనక ముక్క తప్పు చెబితే ఆ 10 కోసం అవకాశం అవతలి జట్టుకి పోతుంది.

ఉదాహరణకి 🏪✅✅ కార్డు. పిల్లలు కాసేపు చూసి "అంగట్లో అన్నీ ఉన్నాయి" అంటారు, 5 వస్తాయి. ఆ తర్వాత వాళ్ళ తలలన్నీ తాతయ్య వైపు తిరుగుతాయి. ఆయన "అల్లుడి నోట్లో శని ఉంది" అనగానే ఇంకో 10. 🍚❌ కూడా అలాంటిదే. "మింగ మెతుకు లేదు" వరకు మా వాడు చెప్పాడు. "మీసాలకు సంపెంగ నూనె" మా అమ్మ నోటి నుంచి వచ్చింది. మొత్తం కార్డుల్లో ఫోన్ బాగా వాడేవాళ్ళే గెలుస్తారు, పెద్దవాళ్ళు పక్కన కూర్చుని చూస్తారు. సగం కార్డుల్లో ఇద్దరూ ఉంటేగానీ 15 రావు. జట్లు వేసేటప్పుడు మా ఇంట్లో పిల్లలు అమ్మమ్మ కోసం పోట్లాడుకోవడం ఈ కార్డుల వల్లే.

ఇక కంద కార్డు సంగతి. కార్డు మీద ఉన్నది 🍠😖 మాత్రమే. మా పెద్దత్తది కోనసీమ. ఆవిడ క్షణం ఆలోచించకుండా "కందకు లేని దురద బచ్చలికెందుకు" అంది. జవాబుల కాగితం పట్టుకున్న పిల్లవాడు "తప్పు, కత్తిపీటకెందుకు అని ఉంది" అన్నాడు. అవకాశం అవతలి జట్టుకి వెళ్ళింది. గుంటూరు వైపు నుంచి వచ్చిన మా మామయ్య అప్పటికే విన్న జవాబు కాబట్టి కత్తిపీట అనేసి 10 తీసుకున్నాడు. అక్కడితో 10 అటు పోయి, 10 ఇటు రాకుండా పోయింది. ఆ ఆట తేడా అంతకన్నా తక్కువే.

"కంద, బచ్చలి కలిపి కూర వండుకుంటాం మేం. ఒకే గిన్నెలో ఉడికే దానికి లేని దురద దీనికెందుకని అంటాం. పుట్టినప్పటి నుంచీ అంటున్న మాట తప్పంటారేమిటి?" అంది అత్త.

"మా వైపు కత్తిపీటే అంటాం వదినా. కానీ మీ మాట కూడా విన్నాను, లేదనను" అన్నాడు మామయ్య.

ఆయన అలా ఒప్పుకున్నా రూల్సు ఒప్పుకోవు. కాగితంలో ఉన్న మాటే మాట, వేరే పాఠానికి సున్నా అని స్పష్టంగా రాసి ఉంది. అత్త ఇంకేమీ అనకుండా లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆ పూటకి ఆట ఆగిపోయింది. నాకు చాలా బాధేసింది. ఏ కార్డులైతే పెద్దవాళ్ళని ఆటలోకి తెచ్చాయో, ఆ కార్డుల మార్కుల పద్ధతే ఆవిడని బయటికి పంపింది.

లోపం కార్డులోనే ఉంది. ఇదే సామెత మొత్తం కార్డుగా 🍠😖🔪 అని ఉంటే, కత్తి కనబడుతోంది కాబట్టి బచ్చలి కుదరదని ఎవరైనా ఒప్పుకుంటారు. సగం కార్డులో వెనక ముక్కకి బొమ్మ లేదు. అలాంటప్పుడు జనం వాడుకలో ఉన్న పాఠాలన్నిటికీ చోటివ్వాలి. ఒక్క పాఠమే రాసి మిగతావి తప్పనడం అన్యాయం.

తర్వాత మేం సాక్షి రూలు పెట్టుకున్నాం. జవాబు కాగితంతో కలవకపోతే రెండు చూస్తాం. కార్డు మీద ఉన్న ఏ బొమ్మకీ అది అడ్డం రాకూడదు. అవతలి జట్టులో కనీసం ఒకరు ఆ మాట విని ఉండాలి. రెండూ కుదిరితే 10 పూర్తిగా ఇచ్చి, ఆ పాఠాన్ని కాగితం పక్కన రాసేస్తాం. సాక్షి లేకపోతే ఆ సామెత ఎప్పుడు వాడతారో చెప్పమని, సరిగ్గా చెబితే 5 ఇస్తాం. అప్పటికప్పుడు అల్లిన సామెతలు ఇక్కడ దొరికిపోతాయి, ఎందుకంటే అల్లినవాళ్ళు సందర్భం దగ్గర తడబడతారు. బచ్చలికి సాక్షి మామయ్యే కాబట్టి తర్వాతి పండక్కి అత్త 10 అత్తకి జమ చేసి మొదలుపెట్టాం.

ఈ రూలుకీ లొంగని కార్డు ఒకటుంది, 🏞️🚶✅. కాగితంలో "ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు" అని ఉంది. సగంమంది "ఏరు దాటాక బోడి మల్లన్న" అంటారు. రెండోది వేరే పాఠం కాదు, "ఏరు దాటేదాకా ఓడ మల్లన్న" అని మొదలయ్యే వేరే సామెత. రెండిటికీ సాక్షులుంటారు, రెండూ బొమ్మకి సరిపోతాయి. ఆ కార్డుకి చివర 🔥 గీసి మొత్తం కార్డుల్లో కలిపేశాం.

ఫోన్లో ఆడేవాళ్ళకి ఒక మాట. గాడిద ఎమోజీ 🫏, నల్లపిట్ట ఎమోజీ 🐦‍⬛ 2022లో వచ్చిన యూనికోడ్ 15తో చేరాయి. పాత ఫోన్లలో గాడిద బదులు ఖాళీ డబ్బా కనబడుతుంది. నల్లపిట్ట రెండుగా విడిపోయి మామూలు పిట్ట, పక్కన నల్ల చదరం అవుతుంది. "కాకి పిల్ల కాకికి ముద్దు" కార్డు చూసి మా పిన్ని పిట్ట, పలక అంటూ నిమిషమంతా పోగొట్టుకుంది. ప్రింటు తీసిన కార్డులకి ఈ టెన్షన్ లేదు. గుమ్మడికాయల దొంగ కార్డు మాత్రం ప్రింటులోనూ ఇబ్బందే. ఎమోజీల్లో ఉత్త గుమ్మడికాయ లేదు, ఉన్నది కళ్ళూ నోరూ చెక్కిన 🎃. పిల్లలు దయ్యం దగ్గరే ఆగిపోతారు.

మొదట్లో జవాబుల కాగితం చాలా బాగుందని చుట్టాలందరికీ చెప్పి కొనిపించాను. మొత్తం కార్డుల వరకు ఇప్పటికీ అదే అంటాను. సగం కార్డుల దగ్గర మాత్రం దాన్ని తుది తీర్పుగా తీసుకోకండి. పక్కన రాసుకోవడానికి పెన్ను పెట్టుకోండి.

మా ఇంట్లో సామెత లేకుండా మాట్లాడని పెద్దవాళ్ళున్నారు, వేర్వేరు జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు. అందుకే మాకు ఈ సెట్టు పెట్టిన డబ్బుకి పదింతలు ఇచ్చింది. అందరూ ఒకే వయసు కుర్రాళ్ళయితే సగం కార్డులు ముందుకి కదలవు, 5 దగ్గరే ఆగుతాయి. మా తమ్ముడి హాస్టల్లో అదే జరిగింది. వాళ్ళు వెనక ముక్క కోసం ఒక్కో జట్టుకి ఒక ఫోన్ కాల్ ఇచ్చుకున్నారు, ఇంటికి చేసి అమ్మనో నాన్నమ్మనో అడగొచ్చు, కానీ టైమర్ ఆగదు. మీ దగ్గర పెద్దవాళ్ళు లేకపోతే ఆ పద్ధతిలో, 🐱😹 కార్డుతో మొదలుపెట్టండి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం రాని ఇల్లు నాకింకా తగల్లేదు.