మూడు నెలల "కౌన్సెలింగ్ సైకాలజీ డిప్లొమా"తో సొంత క్లినిక్ పెట్టుకోవచ్చని చెప్తే నమ్మకండి (నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి హెచ్చరిక)

కావలిలో డిగ్రీ పూర్తి చేసిన మా తమ్ముడి కూతురు, నెల్లూరులోని ఒక శిక్షణ సంస్థకు నలభై అయిదు వేల రూపాయలు కట్టి, "కౌన్సెలింగ్ సైకాలజీలో డిప్లొమా" అనే మూడు నెలల కోర్సు చేసింది. శని, ఆదివారాల్లో రెండేసి గంటల ఆన్‌లైన్ తరగతులు, చివర్లో ఒక పరీక్ష, అంతే. చేరేటప్పుడు మాత్రం "ఈ సర్టిఫికెట్‌తో మీరు సొంతంగా ప్రాక్టీసు పెట్టుకోవచ్చు, ఇది ప్రభుత్వ గుర్తింపు ఉన్న కోర్సు" అని వాట్సాప్‌లో రాతపూర్వకంగానే చెప్పారు.

ఆ సర్టిఫికెట్‌ను నేను దగ్గర పెట్టుకుని చదివాను. పైన బంగారు రంగు ముద్ర, దాని పక్కన ఐఎస్ఓ గుర్తు, కింద UDYAM-AP అని మొదలయ్యే ఒక సంఖ్య ఉన్నాయి. ప్రభుత్వ గుర్తింపు అని వారు చూపించింది ఈ సంఖ్యనే. ఉద్యమ్ నమోదు అంటే ఆ సంస్థ ఒక చిన్న వ్యాపారంగా కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైందని మాత్రమే అర్థం. కిరాణా కొట్టుకైనా, టైలరింగ్ షాపుకైనా అదే నమోదు దొరుకుతుంది. ఐఎస్ఓ ధ్రువపత్రం సంస్థ నిర్వహణ పద్ధతికి సంబంధించినది. ఈ రెండింటిలో ఏదీ కోర్సులో ఏం నేర్పారో, నేర్చుకున్నవారికి ఏ అర్హత వచ్చిందో చెప్పదు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. అమ్మాయి ఇంటి ముందు గదిలో బోర్డు పెట్టిన కొద్ది రోజులకే, చదువులో బాగా వెనకబడిన తమ ఎనిమిదేళ్ల బాబును ఒక దంపతులు తీసుకువచ్చి, వికలాంగ ధ్రువపత్రం కోసం ఐక్యూ నివేదిక కావాలని అడిగారు. తాను రాయవచ్చా అని అమ్మాయి సంస్థను అడిగితే, నిరభ్యంతరంగా రాయవచ్చన్నారు. ఆ నివేదికను వికలాంగ ధ్రువపత్రం ఇచ్చే మెడికల్ బోర్డు తీసుకోలేదు, ఎందుకంటే సంతకం కింద, పునరావాస రంగ నిపుణులను నమోదు చేసే కేంద్ర సంస్థ అయిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు సంఖ్య లేదు. పాపం, ఆ తల్లిదండ్రులు పరీక్ష మళ్లీ మొదటి నుంచి, వేరే ఊళ్లో చేయించుకోవలసి వచ్చింది.

ఇలాంటి నివేదికలు రాసే క్లినికల్ సైకాలజిస్టు ఎవరన్నది 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా చెబుతోంది. సైకాలజీలో పీజీ చేసిన తర్వాత, రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన రెండేళ్ల పూర్తికాలపు క్లినికల్ సైకాలజీ ఎంఫిల్ పూర్తి చేయడం అందులో చెప్పిన ఒక మార్గం. ఆ రెండేళ్లూ ఆసుపత్రిలో, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో, నిజమైన రోగులతో పని చేయాలి. అర్హత పొందినవారు కౌన్సిల్ కేంద్ర రిజిస్టరులో పేరు నమోదు చేసుకోవాలి. ఆ నమోదు లేకుండా ఆ వృత్తి చేస్తే 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. (మందులు రాసే సైకియాట్రిస్టు వేరు, ఆయన ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు.)

సైకాలజీలో ఎంఏ గానీ ఎంఎస్సీ గానీ మాత్రమే చేసినవారు పాఠశాలల్లో, స్వచ్ఛంద సంస్థల్లో కౌన్సెలర్లుగా పనిచేస్తుంటారు, అందులో తప్పు లేదు. కానీ వారు క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకోకూడదు. సైకాలజిస్టు వంటి ఇతర ఆరోగ్య వృత్తుల కోసం వచ్చిన 2021 చట్టం కూడా మూడు నుంచి ఆరేళ్లలో కనీసం 3,600 గంటల చదువును ప్రమాణంగా పెట్టింది. మా అమ్మాయి విన్నది సుమారు యాభై గంటలే. ఇంకొక విషయం, 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ చెప్పడానికి యూజీసీ అనుమతి లేదు. కనుక "ఇంట్లో కూర్చునే ఎంఏ సైకాలజీ" అని ఇప్పుడు ఎవరైనా సీట్లు అమ్ముతుంటే డబ్బు కట్టకండి.

చిన్న కోర్సులన్నీ పనికిరానివని నేను అనడం లేదు. ఉపాధ్యాయులకు, ఆశా కార్యకర్తలకు, ఇంట్లో మానసిక రోగిని చూసుకునేవారికి, కుంగుబాటు లక్షణాలను గుర్తించి సరైన చోటికి పంపడం నేర్పే అవగాహన తరగతి ఎంతో మేలు చేస్తుంది. అయితే దాని ధర, దాని పేరు, దాని ప్రకటన ఆ మేరకే ఉండాలి.

చేరే ముందు, పట్టా ఇచ్చేది ఏ విశ్వవిద్యాలయమో, పర్యవేక్షణలో రోగులను చూసే శిక్షణ ఎన్ని గంటలు ఉందో రాతలో అడగండి. "రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉంది" అంటే rehabcouncil.nic.in లో ఆ సంస్థ, ఆ కోర్సు, ఆ విద్యా సంవత్సరం మూడూ కలిపి చూసుకోండి, ఎందుకంటే ఆమోదం కోర్సుకు, కాలానికి కట్టుబడి ఉంటుంది. చికిత్స కోసం ఒకరి దగ్గరకు వెళ్లేవారు కూడా వారి నమోదు సంఖ్య అడిగి, రిజిస్టరులో పేరు సరిచూసుకోవచ్చు.

ఇప్పటికే డబ్బు కట్టినవారు రసీదు, కరపత్రం, వాట్సాప్ సందేశాలు చెరిపివేయకుండా దాచి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. మేమూ అవే కాగితాలతో ఫిర్యాదు చేశాము. గది ముందున్న బోర్డును అమ్మాయే తీసేసింది.