మేకు లేకుండా తాడుతో కట్టిన బీర పందిరి: మూడు వానాకాలాల తర్వాత

హనుమకొండలో మా ఇంటి వెనక జాగలో 2023 ఫిబ్రవరిలో వెదురు బొంగులతో నిలువు పందిరి కట్టాను. మేకులు లేవు, బైండింగ్ వైరు లేదు, అంతా తాడే. దాని మీద మూడు వానాకాలాలు బీర, కాకర పాకాయి. చలికాలంలో చిక్కుడు. ఇప్పటికీ నిలబడే ఉంది, కానీ మొదట కట్టినట్టు మాత్రం లేదు. ఏది నిలిచిందో, ఏది నన్ను ముంచిందో చెప్తాను.

ముందు కొలతలు. ఎనిమిది అడుగుల నిలువు బొంగులు మూడు, ఒక్కోటి అడుగున్నర లోతు పాతాను. వాటి మధ్య అయిదేసి అడుగుల ఎడం. నేల నుంచి అడుగు ఎత్తులో ఒకటి, ఆరడుగుల ఎత్తులో ఒకటి, రెండు అడ్డబొంగులు. అలా వచ్చిన రెండు గడుల్లోనూ మూల నుంచి మూలకు రెండేసి ఏటవాలు బొంగులు. నడుమ ఖాళీలో తీగ పాకడానికి సుతిలి దారాలు లాగాను. బొంగులన్నీ మేదరోళ్ల దగ్గర కొన్నవే. లోపల గుల్ల తక్కువగా, అంగుళంన్నర లావు ఉన్నవి ఏరుకున్నాను. మేకు కొడితే వెదురు నిలువునా చీలుతుందని మా పాత కంచె దగ్గరే చూశాను కాబట్టి ఆ జోలికి పోలేదు.

అడ్డబొంగు నిలువు బొంగును ఆనుకునే చోట స్క్వేర్ లాషింగ్, అంటే లంబంగా కలిసే రెండు బొంగులకు వేసే కట్టు. చిన్నప్పుడు బడిలో స్కౌట్స్‌లో నేర్చిందే. అడ్డబొంగు వచ్చే చోటుకు సరిగ్గా కింద, నిలువు బొంగుకు క్లోవ్ హిచ్ ముడి, అంటే తాడు రెండు చుట్లు తిప్పి కొసను రెండో చుట్టు కిందే దూర్చి లాగే ముడి, వేసి మొదలుపెట్టాలి. తర్వాత తాడు అడ్డబొంగు ముందు నుంచి పైకి, నిలువు బొంగు వెనక నుంచి అవతలికి, మళ్లీ అడ్డబొంగు ముందు నుంచి కిందికి, నిలువు బొంగు వెనక నుంచి ఇవతలికి. ఇది ఒక చుట్టు. ఇట్లా మూడు నాలుగు వేయాలి. తాడు మీద తాడు ఎక్కకుండా పక్కపక్కనే పడాలి. ఆ తర్వాత రెండు బొంగుల సందులోంచి తాడు పోనిచ్చి, వేసిన చుట్లనే నడుమ పట్టి రెండు మూడు సార్లు బిగించి చుట్టాలి. చివర అడ్డబొంగుకు మరో క్లోవ్ హిచ్.

ఆ నడుమ బిగింపు దగ్గరే నేను మొదట బద్ధకించాను. మొదటి రెండు ముళ్లకు అరచేతులు ఎర్రబడి, మూడో దానికి ఒక్క బిగింపుతో సరిపెట్టాను. పక్కింటి ప్లాస్టరింగ్ పనికి బొంగులు కడుతున్న మేస్త్రీ గోడ మీద నుంచి చూసి, "ఏంది సారూ, మీద మీద చుట్టి ఇడిసిపెట్టినవ్? నడుమ గుంజకపోతే ఎట్ల ఆగుతది?" అన్నాడు. తాడు కొసను చిన్న కట్టెకు చుట్టి, బొంగుకు కాలు అదిమి ఆ కట్టెతో గుంజమని చూపించాడు. చేతులు బతికాయి. నిజానికి పై చుట్లు బొంగులను ఒక దగ్గర ఉంచుతాయంతే, వాటిని ఒకదానికొకటి నొక్కిపెట్టేది ఈ నడుమ బిగింపే. సరిగా పడితే బొటనవేలితో తోసినా తాడు బొంగు మీద తిరగదు.

ఏటవాలు బొంగుల సంగతి వేరు. నా గడులు దాదాపు చదరంగా ఉన్నాయి కాబట్టి అవి మధ్యలో ఇంచుమించు లంబంగానే కలుస్తాయి. అయితే అక్కడా స్క్వేర్ లాషింగ్ చాలు కదా అనుకున్నాను. చాలదు. ఒక ఏటవాలు బొంగు నిలువు బొంగులకు ముందు వైపు, రెండోది వెనక వైపు కట్టాను. కాబట్టి మధ్యలో ఆ రెంటికీ నడుమ ఒక బొంగు లావంత సందు మిగిలింది. స్క్వేర్ లాషింగ్ ఒక్క బొంగుకే ముడి వేసి మొదలవుతుంది, దూరంగా ఉన్న రెండో బొంగును దగ్గరికి లాగదు. అక్కడ డయాగనల్ లాషింగ్ కావాలి. రెండు బొంగులనూ కలిపి టింబర్ హిచ్ వేసి, అంటే తాడును తన మీదే మూడు నాలుగు మెలికలు తిప్పి, సందు మూసుకునేదాకా లాగాలి. తర్వాత ఒక ఏటవాలుగా మూడు చుట్లు, దానికి అడ్డంగా రెండో ఏటవాలుగా మూడు చుట్లు, ఆపైన మామూలుగానే నడుమ బిగింపు, క్లోవ్ హిచ్. బొంగులు విల్లులా కొద్దిగా వంగి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. పందిరికి ఊపు తగ్గేది అక్కడే. అవి కట్టకముందు పై మూల పట్టుకుని ఊపితే పందిరంతా పక్కకు ఒరిగేది. కట్టాక కిర్రుమంది, అంతే. అయితే వాటిని కట్టేముందే ఒక తాడుతో గడిలో మూల నుంచి మూలకు రెండు కొలతలూ సమానమో కాదో చూసుకోండి. ఒరిగిన గడిని ఏటవాలు బొంగులు ఒరిగినట్టే బిగించేస్తాయి.

తాడు ముడికి తొమ్మిది అడుగుల చొప్పున తీసుకున్నాను. కలిసే రెండు బొంగుల లావు మొత్తం మూడంగుళాలు, అంగుళానికి మూడు అడుగుల లెక్క. అడ్డబొంగుల ముళ్లు ఆరు, ఏటవాలు కొసలవి ఎనిమిది, మధ్యవి రెండు. పదహారు ముళ్లకు 144 అడుగులు, అంటే దాదాపు 44 మీటర్లు. 50 మీటర్లు తెస్తే మిగిలింది కొంచెమే.

ఇక నన్ను ముంచింది బొంగులు. అవి కొత్తగా కొట్టిన పచ్చివని తెలిసీ కట్టాను. మే నెల ఎండలకు అవి ఆరి సన్నబడ్డాయి, తాడు మాత్రం అట్లాగే ఉంది. ఒక పొద్దున చూస్తే పై అడ్డబొంగు ఒక కొస జానెడు కిందికి జారి ఉంది. తక్కినవాటిలోనూ వేలితో తిప్పితే తాడు తిరిగింది. చివరి ముడి విప్పి, నడుమ బిగింపు మళ్లీ వేస్తే సరిపోయింది గానీ పదహారింటికీ ఒక ఆదివారమంతా పట్టింది. ఆరిన బొంగులు దొరక్కపోతే పచ్చివి కొని, నీడలో రెండు నెలలు ఆరబెట్టి కట్టడం మేలు. ఇంకో మాట, అడ్డబొంగు ముడి నిలువు బొంగు కణుపుకు సరిగ్గా మీద పడేలా చూసుకుంటే, వదులైనా కణుపు మీద ఆగుతుంది. జారిన కొస కింద కణుపు లేదు.

తాళ్లు మూడు రకాలు వాడి చూశాను. సుతిలి చుట్టడానికి హాయి, కానీ నేలకు దగ్గరగా ఉన్న ముళ్లలో మొదటి వానాకాలానికే నల్లబడి, గిల్లితే పొడి రాలింది. ఆ జులై ఆఖరు వానలు గుర్తున్నవాళ్లకు ఆ తేమ ఎంతో చెప్పనక్కర్లేదు. ప్లాస్టిక్ తాడు కుళ్లదు గానీ నునుపు బొంగు మీద క్లోవ్ హిచ్ జారిపోతుంది. అదనంగా రెండు ముళ్లు వేస్తే ఆగింది, కానీ ఎండ పడే వైపు రెండో ఏడుకే పెళుసై పోగులు లేచాయి. కొబ్బరి తాడు అరచేతులు గీరుతుంది, చూడ్డానికి మోటు. అయినా బొంగును పట్టుకుంటుంది. ఇప్పుడున్న ముళ్లలో ఎక్కువ అదే. తడిశాక ముడి గోటికి లొంగదు కాబట్టి, మళ్లీ బిగించే పని వానలకు ముందే ముగించాలి.

నిరుడు వర్షాల్లో నడిమి నిలువు బొంగు నేల మట్టం దగ్గర కుళ్లి విరిగింది. ఆ సంగతి నాకు వారం దాకా తెలియలేదు, ఎందుకంటే పందిరి ఒరగలేదు. నిండా కాయలున్న బీర తీగతో సహా ఆ బొంగు గాల్లో వేలాడుతూ ఉంది, ఏటవాలు బొంగులు దాన్ని పట్టుకుని ఉన్నాయి. కాత అయ్యాక దానికున్న ఆరు ముళ్లు కోసి, కొత్త బొంగు పెట్టి మళ్లీ కట్టాను. మిగతా పదీ ముట్టుకోలేదు.

సొరకాయకు మాత్రం ఈ లావు బొంగులు పనికిరావు. పోయినేడు ఒక్క పాదు ఎక్కిస్తే పై అడ్డబొంగు మధ్యలో కుంగింది, ముళ్లు వదల్లేదు గానీ బొంగే వంగిపోయింది. ఈసారి దానికి రెండంగుళాల బొంగు తెచ్చి నీడలో పడేశాను. అది ఆరేదాకా సొర గింజలు డబ్బాలోనే.